ఆన్‌లైన్ అమ్మకాల పేమెంట్ తక్కువ పడిందా? ఆర్డర్ వారీగా విడదీసి చూసే పద్ధతి

గుంటూరు, విజయవాడల్లో ఇంటి నుంచి బట్టలు అమ్మేవాళ్లు జీఎస్టీ రిటర్నుల పని మీద నా దగ్గరికి వస్తుంటారు. చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "సేల్స్ బాగానే ఉన్నాయండీ, బ్యాంకులో మాత్రం సగమే పడుతోంది." ఆ మిగతా సగం మొత్తం నష్టం కాదు, మొత్తం మోసమూ కాదు. అందులో న్యాయంగా కట్టాల్సిన ఫీజులు ఉంటాయి, తిరిగి మన చేతికి రావాల్సిన పన్ను ఉంటుంది, అడిగితే వెనక్కి వచ్చే తప్పుడు కోతలు ఉంటాయి. ఇవేవీ కాకుండా, రిటర్నుల వల్ల నిజంగా పోయిన డబ్బు కూడా ఉంటుంది. ఈ నాలుగింటినీ విడదీయనంత కాలం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఎలా విడదీయాలో ఒక లెక్క పట్టుకుని చివరిదాకా చూద్దాం.

బ్రాడీపేటలో ఉండే ఒకావిడ మంగళగిరి నిజాం అంచు కాటన్ చీరలు అమ్ముతారు. మగ్గం ఇంటి నుంచే చీర 700 రూపాయలకు తెచ్చుకుంటారు. నేసేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ధర 1,260. అందులో చీర విలువ 1,200, జీఎస్టీ 5 శాతం అంటే 60. ఒక పేమెంట్ కాలంలో 40 చీరలు పంపారు. కమిషన్ 15 శాతం కదా, చీరకు 189 పోగా 1,071 వస్తుంది, 40 చీరలకు 42,840 పడుతుందని లెక్క వేసుకున్నారు. పడింది 22,178 రూపాయల 64 పైసలు. తేడా ఇరవై వేల పైచిలుకు.

లెక్క తేలిగ్గా సాగడానికి చీరలన్నీ ఒకే ధరవి అనుకుందాం. కమిషన్, ఫీజుల రేట్లు కూడా ఉదాహరణకు తీసుకున్నవే. ఒక్కో మార్కెట్‌ప్లేస్‌కు, ఒక్కో కేటగిరీకి అవి వేరుగా ఉంటాయి, తరచూ మారుతుంటాయి. తక్కువ ధర సరుకుకు కమిషన్ సున్నా అని ప్రకటించేవి కూడా ఉన్నాయి. అక్కడ కూడా షిప్పింగ్, రిటర్న్ ఛార్జీల సంగతి రేటు కార్డులో విడిగా చూసుకోవాల్సిందే. అంకెలు మీ కార్డులోవి పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి మెట్టు: సరైన కాగితాలు

సెల్లర్ యాప్ తెరవగానే కనిపించే సేల్స్ అంకెను పక్కన పెట్టండి. అది ఆర్డర్లు పడినప్పటి లెక్క. క్యాన్సిల్ అయినవి, తిరిగొచ్చినవి, ఇంకా రిటర్న్ గడువులో ఉన్నవి అన్నీ అందులో కలిసే ఉంటాయి. బ్యాంకులో పడిన మొత్తానికి జవాబు చెప్పేది పేమెంట్ లేదా సెటిల్‌మెంట్ రిపోర్ట్. అందులోనూ ఆర్డర్ వారీగా లైన్లు ఉన్న ఫైలే దించుకోండి, సారాంశం పేజీ చాలదు.

దానితోపాటు మరో మూడు కావాలి. ఆ తేదీల్లో అమల్లో ఉన్న రేటు కార్డు, రిటర్నుల రిపోర్టు, ఫీజుల మీద మార్కెట్‌ప్లేస్ మీకు వేసిన టాక్స్ ఇన్‌వాయిస్. రేటు కార్డు మారినప్పుడల్లా పీడీఎఫ్‌గానో స్క్రీన్‌షాట్‌గానో దాచుకోవడం అలవాటు చేసుకోండి. మూడు నెలల తర్వాత వాదించాల్సి వస్తే పాత కార్డు వెబ్‌సైట్‌లో దొరక్కపోవచ్చు.

ఫైలు తెరిచేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని మార్కెట్‌ప్లేస్‌లలో ఆర్డర్ నంబర్ పొడవాటి అంకె. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది, ఆ తర్వాతవి సున్నాలైపోతాయి. అప్పుడు వేర్వేరు ఆర్డర్లు ఒకటిగా కలిసిపోయి లెక్క మొత్తం పాడవుతుంది. అందుకని ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, డేటా ఇంపోర్ట్ ద్వారా తెచ్చి ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి.

రెండో మెట్టు: ఒక్క మంచి ఆర్డర్‌ను చేత్తో లెక్క కట్టడం

నలభై ఆర్డర్ల మీద పడకముందు, ఏ గొడవా లేకుండా కస్టమర్ ఉంచుకున్న ఒక్క ఆర్డర్ తీసుకోండి. రేటు కార్డు పక్కన పెట్టుకుని కాగితం మీద రాయండి. ఈవిడ చీరకు అది ఇలా వచ్చింది:

- కమిషన్, 1,260 మీద 15 శాతం: 189
- ఫిక్స్‌డ్ క్లోజింగ్ ఫీజు, ఆ ధర శ్రేణికి: 50
- షిప్పింగ్, అరకిలో లోపు: 75
- ఈ 314 రూపాయల మీద 18 శాతం జీఎస్టీ: 56.52
- టీసీఎస్, జీఎస్టీ కింద ముందే పట్టుకునేది, 1,200 మీద 0.5 శాతం: 6
- టీడీఎస్, ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునేది, 1,200 మీద 0.1 శాతం: 1.20

అన్నీ పోగా చేతికొచ్చేది 882.28. ఆవిడ అనుకున్న 1,071కి, దీనికి ఒక్కో చీర మీదే 188.72 తేడా. ఎక్కడా తప్పు జరగకుండానే ఇంత తేడా ఉంటుందని ఆవిడకు తెలియదు. కమిషన్ ఒక్కటే గుర్తుంది.

ఇక్కడ రెండు సంగతులు ప్రత్యేకంగా చూడండి. ఉదాహరణలో కమిషన్‌ను జీఎస్టీ లేని విలువ మీద కాకుండా కస్టమర్ కట్టిన పూర్తి ధర మీద వేశాం. మీ కార్డులో ఏ మొత్తం మీద వేస్తారో చదివి తెలుసుకోండి. ఇక ఫిక్స్‌డ్ క్లోజింగ్ ఫీజు పేరుకు ఫిక్స్‌డే గానీ ధర శ్రేణిని బట్టి మారుతుంది. శ్రేణి అంచు దగ్గర ధర పెడితే ఇరవై రూపాయలు ఎక్కువకు అమ్మి, ఫీజు రూపంలో అంతకన్నా ఎక్కువ పోగొట్టుకునే అవకాశం ఉంటుంది. పైగా ఇది శాతం కాదు కాబట్టి చౌక సరుకు మీద బరువుగా పడుతుంది. 1,260 రూపాయల చీరకు 50 అంటే నాలుగు శాతమే, 300 రూపాయల నైటీకి 25 రూపాయల ఫీజు ఉన్నా ఎనిమిది శాతం దాటిపోతుంది.

మూడో మెట్టు: ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో మొత్తం

సెటిల్‌మెంట్ ఫైలులో ఒకే ఆర్డర్‌కు నాలుగైదు లైన్లు ఉంటాయి: అమ్మిన ధర ఒకటి, ఒక్కో ఫీజుకు ఒకటి, తర్వాత రిటర్న్ వస్తే రీఫండ్‌కు ఇంకొకటి. పివట్ టేబుల్ వేసి, ఆర్డర్ నంబర్‌ను వరుసల్లో, మొత్తాన్ని విలువల్లో పెట్టండి. ఆర్డర్‌కు ఒక అంకె మిగులుతుంది. ఆ కాలమ్‌ను పెద్ద నుంచి చిన్నకు సర్దండి.

ఇప్పుడు కనిపించే బొమ్మ చాలా స్పష్టంగా ఉంటుంది. ఈవిడ ఫైలులో ఎక్కువ ఆర్డర్లు 882.28 దగ్గర ఉన్నాయి. అవి సరైనవి, ఇక వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. 11 ఆర్డర్లు 811.48 దగ్గర ఆగాయి. నాలుగు సున్నా దగ్గర, ఆరు మైనస్ 218.30 దగ్గర, రెండు మాత్రం మైనస్ 1,100.58 దగ్గర ఉన్నాయి. నిలిచిన ఆర్డర్లకు చీరకు 188.72 చొప్పున ముందే చూసిన తేడా పోగా, 20,661 రూపాయల్లో మిగతాదంతా ఈ గుంపుల్లోనే ఉంది. ఒక్కో గుంపుకు ఒక్కో కారణం.

అన్నిటికన్నా ముందు మైనస్ 1,100.58 చూసి ఆవిడ గాభరా పడ్డారు, చీర ధర అంత పోయిందని. అవి ఈ నలభైలోవి కావు. కిందటి పేమెంట్‌లో 882.28 చొప్పున వచ్చేసిన ఆర్డర్లు. కస్టమర్ రిటర్న్ గడువు చివర్లో వెనక్కి పంపడంతో అప్పుడు ఇచ్చిన డబ్బునూ, రిటర్న్ ఖర్చు 218.30నూ కలిపి ఈసారి పట్టుకున్నారు. రెండూ కలిపి 2,201.16. ఇలాంటివి గుర్తు పట్టడానికి ఆర్డర్ తేదీ కాలమ్ చూస్తే చాలు. పండగ సీజన్ అయ్యాక వచ్చే పేమెంట్లు దారుణంగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే: కొత్త అమ్మకాలు తగ్గుతాయి, పాత అమ్మకాల రిటర్నులు వచ్చి పడతాయి.

నాలుగో మెట్టు: రిటర్నులను రెండుగా చీల్చడం

వెనక్కి వచ్చిన పార్సిళ్లన్నీ ఒకటి కాదు. కస్టమర్ తీసుకోకుండానే తిరిగొచ్చేది ఒకటి: తలుపు తీయలేదు, ఫోన్ ఎత్తలేదు, క్యాష్ ఆన్ డెలివరీకి వద్దన్నారు. దీన్ని ఆర్‌టీఓ అంటారు. తీసుకుని, విప్పి చూసి వెనక్కి పంపేది రెండోది, కస్టమర్ రిటర్న్. చాలా రేటు కార్డుల్లో ఈ రెండింటికీ ఛార్జీలు వేరు. ఈవిడ కార్డు ప్రకారం ఆర్‌టీఓకు ఏమీ కోయరు, సున్నా దగ్గరున్న నాలుగు ఆర్డర్లు అవే. కస్టమర్ రిటర్న్‌కు కమిషన్, క్లోజింగ్ ఫీజు వెనక్కి ఇస్తారు గానీ వెళ్లేటప్పటి షిప్పింగ్ 75 ఇవ్వరు, తిరిగి తెచ్చినందుకు 110 వేస్తారు. జీఎస్టీతో కలిపి 218.30. మీ కార్డులో రీఫండ్ ప్రాసెసింగ్ ఫీజు లాంటిది విడిగా ఉందేమో, క్లోజింగ్ ఫీజు తిరిగి ఇస్తారో లేదో చదవండి.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. తలుపు దగ్గరే వద్దన్న పార్సిల్‌ను కస్టమర్ రిటర్న్‌గా నమోదు చేస్తే, కట్టనక్కర్లేని 218 రూపాయలు కడతారు. గుర్తించడానికి ట్రాకింగ్ చరిత్ర తెరవండి. అందులో "డెలివర్డ్" అనే దశ ఒక్కసారీ రాకుండానే వెనక్కి బయల్దేరి ఉంటే అది ఆర్‌టీఓ. స్క్రీన్‌షాట్‌తో క్లెయిమ్ పెట్టవచ్చు.

రెండోది, రిటర్న్ అయినట్లు డబ్బు పట్టుకుంటారు గానీ చీర ఇంటికి రాదు. రిటర్నుల రిపోర్టులోని ట్రాకింగ్ నంబర్లను మీ దగ్గరి నోటు పుస్తకంతో పోల్చి చూస్తేనే ఇది తెలుస్తుంది. కొరియర్ అబ్బాయి పది రిటర్న్ పార్సిళ్లు తెచ్చి ఓటీపీ అడిగితే, ముందు ఒక్కో నంబరు మీద టిక్ పెట్టుకుని, లెక్క సరిపోయాకే ఓటీపీ చెప్పండి. ఓటీపీ ఇచ్చేశాక తొమ్మిదే వచ్చాయంటే నిరూపించడం చాలా కష్టం.

మూడోది అసలు బాధ పెట్టేది. కొత్త చీర పంపితే కట్టి వదిలేసిన పాత చీర తిరిగి వస్తుంది, లేదా పసుపు మరకతో, మడత మొత్తం విప్పి, జాకెట్ గుడ్డ కత్తిరించి వస్తుంది. దీనికి మీ చేతిలో ఉన్న ఆధారం విప్పేటప్పుడు తీసిన వీడియో ఒక్కటే. పార్సిల్ ఇంకా విప్పకముందు లేబుల్ మీది నంబర్ చదవగలిగేలా చూపించి, నాలుగు వైపులా తిప్పి, కెమెరా ఆపకుండా కత్తిరించి, చీర పూర్తిగా పరిచి చూపించాలి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వీడియోను తిరస్కరించడానికి వాళ్లకు సాకు దొరికినట్టే. క్లెయిమ్ గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి పార్సిల్ వచ్చిన రోజే విప్పండి. మూట కట్టి ఆదివారం చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోవచ్చు.

ఐదో మెట్టు: బరువు

811.48 దగ్గర ఆగిన 11 ఆర్డర్ల సంగతి. మంచి ఆర్డర్ కంటే 70.80 తక్కువ. అంటే షిప్పింగ్ 75కు బదులు 135 వేసి, దాని మీద జీఎస్టీ కలిపారు. అరకిలో చీరను కిలోన్నర శ్రేణిలో లెక్క కట్టారన్నమాట.

చీర, కవరు కలిపి తూకం 480 గ్రాములే. కానీ కొరియర్లు తూకంతోపాటు పార్సిల్ ఆక్రమించే చోటు కూడా లెక్కిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తారు. తూకం, ఇది — రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. ఆవిడ కొన్ని చీరలను గిఫ్ట్‌గా ఇచ్చేవాళ్లకు బాగుంటుందని అట్టపెట్టెలో పంపారు:

```
30 × 25 × 8 ÷ 5000 = 1.2
30 × 24 × 3 ÷ 5000 = 0.43
```

మొదటిది పెట్టె, రెండోది మామూలు కొరియర్ కవరు. లోపల ఉన్నది అదే చీర. పెట్టెకు 1.2 కిలోలు కాబట్టి కిలోన్నర శ్రేణి పడింది. 11 ఆర్డర్లలో ఏడు పెట్టెలో వెళ్లినవే, అక్కడ మార్కెట్‌ప్లేస్ తప్పేమీ లేదు. మిగిలిన నాలుగు కవరులో వెళ్లినా పెట్టె రేటు వేశారు. వాటికి మాత్రం క్లెయిమ్ పెట్టాం. కాటా మీద పార్సిల్, కాటా అంకె, లేబుల్ మూడూ ఒకే ఫొటోలో, టేపుతో మూడు కొలతలు చూపించే ఫొటోలు జత చేశాం.

ఆ ఫొటోలు పార్సిల్ వెళ్లాక తీయలేం కదా. రోజూ పంపే ప్రతి పార్సిల్‌కూ తీయడం కుదరదంటే కనీసం ఒక్కో ప్యాకింగ్ సైజుకు రోజుకు ఒకటి తీసి ఉంచండి. లిస్టింగ్ పెట్టినప్పుడు మీరు నింపిన బరువు, కొలతలు కూడా ఓసారి సరిచూడండి. తొందరలో అక్కడ 1 కిలో అని రాసి ఉంటే, మీరు ఎన్ని ఫొటోలు పెట్టినా మీ మాటే మీకు అడ్డం వస్తుంది.

ఆరో మెట్టు: పన్ను పేరుతో పోయింది తిరిగి తెచ్చుకోవడం

టీసీఎస్ అనేది జీఎస్టీ చట్టం కింద మార్కెట్‌ప్లేస్ మన తరఫున పట్టి ప్రభుత్వానికి కట్టేది. 2024 జూలై 10 నుంచి ఇది 1 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. తిరిగొచ్చిన సరుకు విలువ తీసేసి మిగిలిన దాని మీదే లెక్కిస్తారు. ఇది దానంతట అది మీ ఖాతాలోకి రాదు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నెల రిటర్నుల పేజీలో "TDS and TCS Credit Received" తెరిచి, వచ్చిన మొత్తాన్ని అంగీకరించి, ఫైల్ చేయాలి. అప్పుడే క్యాష్ లెడ్జర్‌లోకి చేరుతుంది, అక్కడి నుంచి జీఎస్టీ కట్టడానికి వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి దీన్ని తెరవనివాళ్లు ఉన్నారు.

టీడీఎస్ ఆదాయపు పన్నుది. 2024 అక్టోబర్ 1 నుంచి 1 శాతం కాస్తా 0.1 శాతం అయింది. ఆదాయపు పన్ను రిటర్న్ వేసినప్పుడు క్రెడిట్ తీసుకోవాలి. మార్కెట్‌ప్లేస్‌లో ఏడాది అమ్మకం 5 లక్షల లోపు ఉన్న వ్యక్తులు పాన్ లేదా ఆధార్ ఇచ్చి ఉంటే అసలు కోయకూడదు.

ఫీజుల మీద కట్టిన 18 శాతం జీఎస్టీ కథ కొంచెం వేరు. మీరు సాధారణ స్కీమ్‌లో ఉండి, ఆ ఇన్‌వాయిస్ మీ జీఎస్‌టీఆర్-2బీలో కనిపిస్తే, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. ఈవిడకు చీరకు 60 కట్టాలి, ఫీజుల మీద 56.52 క్రెడిట్ ఉంది కాబట్టి దాదాపు సరిపోతుంది. కానీ అదే చీరను విజయవాడ వస్త్రలతలో జీఎస్టీ బిల్లుతో 700 మీద 35 పన్ను కట్టి కొన్నారనుకోండి, క్రెడిట్ 91.52 అవుతుంది, కట్టాల్సింది 60. ప్రతి చీరకూ 31.52 క్రెడిట్ లెడ్జర్‌లో పేరుకుపోతుంది. కొన్న చీరకూ అమ్మే చీరకూ రేటు 5 శాతమే, ఎక్కువ రేటు ఉన్నది సేవల మీద. కొన్న సరుకు మీద పన్ను రేటు అమ్మే సరుకు రేటు కన్నా ఎక్కువైనప్పుడు ఇచ్చేది ఇన్వర్టెడ్ డ్యూటీ రీఫండ్, సేవల మీద కట్టిన పన్నును దాని కింద నగదుగా ఇవ్వరు. కాబట్టి 5 శాతం సరుకు అమ్మేవాళ్లు ఫీజుల జీఎస్టీ అంతా తిరిగొస్తుందని నమ్మి ధర పెట్టకూడదు. తక్కువ మార్జిన్ మీద నడిపేవాళ్లకు ఆ ముప్పై రూపాయలే లాభం.

ఏడో మెట్టు: రిటర్న్ ఖర్చును మంచి ఆర్డర్ల మీద పంచి ధర కట్టడం

తేడా ఇప్పుడు పూర్తిగా విడిపోయింది. పది చీరలు అమ్ముడుపోకుండా ఇంటికి తిరిగొచ్చాయి, 10,710 వాటిది. ఉంచుకున్న ముప్పై చీరల మీద ఆవిడ లెక్కలో లేని ఫీజులు, పన్నులు 5,661.60. కిందటి కాలం రిటర్నులు 2,201.16, ఈసారి కస్టమర్ రిటర్నులు 1,309.80, బరువు 778.80. కూడితే పైసలతో సహా 20,661.36.

మంచి ఆర్డర్ ఒక్కటే చూస్తే 1,200లో ఫీజులు 314, చీర 700, ప్యాకింగ్ 20 పోగా 166 మిగలాలి. కానీ ఆరు రిటర్నుల రవాణా జీఎస్టీ కాకుండా 1,110, వృథా అయిన పది ప్యాకింగులు 200. ఈ 1,310ని మోయాల్సింది నిలిచిన ముప్పై ఆర్డర్లే: ఒక్కోదాని మీద 43.67. వచ్చిన ఆరులో రెండు చీరలు మడత చెడి ఇరుగుపొరుగుకు 400 చొప్పున అమ్మాల్సి వచ్చింది, ఆ 600 పంచితే ఇంకో 20. చివరికి చీరకు మిగిలేది 102 రూపాయల చిల్లర. 371 మిగులుతుందనుకుని వ్యాపారం చేస్తున్న మనిషికి ఈ అంకె ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

చీరకు 150 మిగలాలంటే ధర ఎంత ఉండాలి? చీర, ప్యాకింగ్, క్లోజింగ్ ఫీజు, షిప్పింగ్, రిటర్న్ భారం, పాడైన చీరల భారం, కావాల్సిన లాభం కూడితే 1,058.67. కమిషన్ జీఎస్టీతో కూడిన ధర మీద పడుతుంది కాబట్టి జీఎస్టీ లేని విలువలో అది 15.75 శాతం, మనకు మిగిలేది 84.25.

```
1058.67 ÷ 0.8425 × 1.05 = 1319.41
```

అంటే 1,319. కవరు ప్యాకింగ్‌కు మారితేనే ఈ లెక్క, పెట్టె అయితే ఇంకో అరవై చేర్చి మళ్లీ కట్టాలి. ధర పెంచితే పక్క సెల్లర్ దగ్గరికి వెళ్లిపోతారన్న భయం నిజమే. అప్పుడు మరో దారి రిటర్నులను తగ్గించడం. ఆరు కస్టమర్ రిటర్నుల కారణాలు చూస్తే నాలుగు "రంగు తేడా"వే, నాలుగూ ఒకే మామిడిపండు రంగు చీరవి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలో అది నిమ్మపండు రంగులా పడింది. ఆ లిస్టింగ్ ఆపేసి, పొద్దున్న వరండా నీడలో అంచు, పల్లూ విడివిడిగా కనిపించేలా మళ్లీ ఫొటోలు తీసి పెట్టారు. ధరను ముందు 1,289 చేశారు. తర్వాతి సెటిల్‌మెంట్ ఫైలులో ఆ రంగు ఆర్డర్లను విడిగా చూసి, రిటర్నులు తగ్గకపోతే ఆ రంగు తీసేసి మిగతావాటిని 1,319కి మార్చాలని అనుకున్నాం.